బోరు నీళ్ళు, ఫ్రంట్ లోడ్ మెషిన్: బారు సబ్బు తురిమి వేయొచ్చా?

గోదారి_పిల్ల

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది రాజమండ్రి. నాలుగు నెలల క్రితం హైదరాబాద్ బాచుపల్లిలో అపార్ట్‌మెంట్‌కి మారాం. అక్కడ గోదావరి నీళ్ళు, ఇక్కడ బోరు నీళ్ళు. వేసవిలో ట్యాంకర్ నీళ్ళు కూడా కలుస్తాయి. అసోసియేషన్ వాళ్ళు నీళ్ళు ల్యాబ్‌లో టెస్ట్ చేయించారు. హార్డ్‌నెస్ లీటరుకు 480 మిల్లీగ్రాములు అని వచ్చింది.

మా పాపకి పది నెలలు. ఒంటి మీద ఎర్రగా దద్దుర్లు వస్తున్నాయని, సర్ఫ్ వాడొద్దని, మా అత్తయ్య రాజమండ్రి నుంచి బట్టల సబ్బు బార్లు తెచ్చారు. మంచి సబ్బే, వాళ్ళు ముప్పై ఏళ్ళుగా వాడుతున్నదే. మాది 7 కిలోల ఫ్రంట్ లోడ్ మెషిన్. సబ్బును క్యారెట్ తురిమే దానితో తురిమి, వేడి నీళ్ళలో కరిగించి, ఒక్కో వాష్‌కి సుమారు 40 గ్రాములు వేస్తున్నాను. వారానికి నాలుగు వాష్‌లు.

మూడు నెలలయ్యేసరికి తువ్వాళ్ళు అట్టల్లా అయ్యాయి. నీళ్ళు పీల్చవు, ఒళ్ళు తుడిస్తే నీళ్ళు పక్కకి జారుతున్నాయి. తెల్ల బనీన్లు బూడిద రంగుకి వచ్చాయి. డోర్ రబ్బరు మడతలో బూడిద రంగు ముద్ద పేరుకుంది, వేలితో తీస్తే మైనంలా ఉంది. కుళ్ళు వాసన కూడా వస్తోంది.

సబ్బు మంచిదా, డిటర్జెంట్ మంచిదా అని ఇంట్లో రోజూ చర్చ. అత్తయ్య మాట తీసేయలేను, ఎందుకంటే రాజమండ్రిలో అదే సబ్బుతో వాళ్ళ బట్టలు మల్లెపూలలా ఉంటాయి. మరి ఇక్కడేం తేడా వచ్చింది?

పచ్చదనం_రాజు

అక్కా, మీ అత్తయ్య గారు చెప్పిందే కరెక్ట్. సబ్బు నూనె నుంచి వచ్చేది, సహజం. డిటర్జెంట్ పెట్రోలియం నుంచి వచ్చే కెమికల్. పసిపాప బట్టలకి అది వద్దు. హార్డ్ వాటర్ సమస్యకి ఒకటే మందు, నీళ్ళు కాచి వాడండి. కాస్తే హార్డ్‌నెస్ పోతుంది. మేము గీజర్ నీళ్ళే మెషిన్‌కి ఇస్తున్నాం.

చంటి_1988

మాకూ ఇదే సమస్య. బోరు నీళ్ళతో తలస్నానం చేస్తే జుట్టు ఊడిపోతోంది. షాంపూ మార్చినా లాభం లేదు. ఏ సబ్బు వాడాలో చెప్పండి.

గోదారి_పిల్ల

చంటి గారూ, నేను అడిగింది బట్టల గురించండీ. మీ జుట్టు సంగతి వేరే పోస్టుగా పెడితే ఎక్కువ మంది చెప్తారు.

స్లరీ_బాబాయ్

అమ్మా, నేను చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న డిటర్జెంట్ యూనిట్‌లో 22 ఏళ్ళు పనిచేశాను. అంతకు ముందు మా మామయ్య సబ్బు బట్టీ చూసుకున్నాను. రెండూ చేతితో చేసినవాణ్ణి కనుక రెండిటికీ న్యాయం చేసి చెప్తాను.

మీ అత్తయ్య గారి సబ్బులో తప్పు లేదు, ఆవిడ అనుభవంలోనూ తప్పు లేదు. మారింది నీళ్ళు. ఇంకోటి కూడా మారింది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఉతికే పద్ధతి మారింది.

సబ్బు అంటే నూనెను కాస్టిక్ సోడాతో ఉడికిస్తే వచ్చేది. బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుకి తగలగానే దాన్ని పట్టుకుని నీళ్ళలో కరగని ముద్దగా మార్చేస్తాయి. పాలలో నిమ్మకాయ పిండితే విరిగినట్టు సబ్బు విరిగిపోతుందన్నమాట. మా బట్టీలో దాన్ని తెట్టు అనేవాళ్ళం. మీ డోర్ రబ్బరులో ఉన్న మైనం ముద్ద అదే.

ఇప్పుడు మీ లెక్కే చూద్దాం. మీ హార్డ్‌నెస్ 480. ఆ నీళ్ళు ఒక లీటరు సుమారు 3 గ్రాముల అసలు సబ్బును మింగేస్తాయి. అంత మింగాక గానీ మురికి మీద పనిచేయడానికి సబ్బు మిగలదు. ఫ్రంట్ లోడ్ ఉతికే దశలో సుమారు 15 లీటర్లు తీసుకుంటుందనుకుందాం. అంటే 45 గ్రాముల అసలు సబ్బు నీళ్ళకే బలి. బారు సబ్బు మొత్తం సబ్బే కాదు. రేపర్ మీద టి.ఎఫ్.ఎం., అంటే సబ్బులో ఉన్న మొత్తం కొవ్వు శాతం, 60 అని ఉంటే, వందలో సుమారు 65 గ్రాములే సబ్బు అనుకోండి. మీరు వేస్తున్న 40 గ్రాముల తురుములో ఉన్నది 26 గ్రాములు. నీళ్ళు అడిగేది 45. అంటే మీరు వేసిన సబ్బు దాదాపు అంతా తెట్టుగానే మారుతోంది. ఉతకడానికి ఒక్క గ్రాము మిగలడం లేదు.

వారానికి నాలుగు వాష్‌లు, మూడు నెలలంటే 50 వాష్‌లు. ఒక్కోసారి 26 గ్రాములు సబ్బు విరిగితే తెట్టు కూడా ఇంచుమించు అంతే బరువు వస్తుంది. మొత్తం కిలోకి పైమాటే. చాలా వరకు డ్రెయిన్‌లో పోయి ఉంటుంది. మిగిలింది తువ్వాళ్ళ పోగుల్లో, మీ డ్రమ్ము వెనక ఉంది. సబ్బులో కొంత సోడా, సిలికేట్ ఉంటే అవి కాస్త కాల్షియాన్ని ఆపుతాయి కాబట్టి లెక్క అటూ ఇటూ అవుతుంది. సంగతి మాత్రం మారదు.

గోదారి_పిల్ల

బాబాయ్ గారూ, ఈ లెక్క చూసి నోట మాట రాలేదు. అయితే ఒక్క సందేహం. అత్తయ్య ఇక్కడికి వచ్చినప్పుడు ఇదే బోరు నీళ్ళతో, ఇదే సబ్బుతో బాత్‌రూములో చేత్తో ఉతికారు. నురగ బాగానే వచ్చింది, చొక్కా కాలర్ తెల్లగా వచ్చింది. అదెలా?

స్లరీ_బాబాయ్

మంచి ప్రశ్న అడిగావమ్మా. పద్ధతి మారింది అన్నది అందుకే.

చేత్తో ఉతికేటప్పుడు చొక్కా తడిపి, నీళ్ళు కారిపోయాక, బండ మీద పరిచి సబ్బు రుద్దుతారు. ఆ తడి చొక్కాలో ఉన్న నీళ్ళు మహా అయితే మూడొందల యాభై మిల్లీలీటర్లు. అంత నీళ్ళు మింగేది ఒక గ్రాము సబ్బు. మీ అత్తయ్య గారు రుద్దింది ఐదారు గ్రాములు. అంటే నాలుగైదు గ్రాములు మురికి మీద పనిచేయడానికి మిగిలింది. అందుకే నురగ, అందుకే కాలర్ తెల్లదనం. బారు సబ్బు అనేది తక్కువ నీళ్ళలో, బట్ట మీద నేరుగా రుద్దడానికి పుట్టిన వస్తువు. మెషిన్‌లో ముందు నీళ్ళు నిండుతాయి, సబ్బు ఆ నీళ్ళన్నిట్లో కలవాలి. అక్కడ ఓడిపోతుంది.

చేతి ఉతుకులోనూ తెట్టు వస్తుంది, జాడించేటప్పుడు. బట్టలో మిగిలిన సబ్బుకి బకెట్లో కొత్త బోరు నీళ్ళు తగలగానే విరుగుతుంది. బకెట్ నీళ్ళ మీద తెల్లగా తరకలు తేలడం చూసే ఉంటారు. కానీ బాదడం, గుంజడం, పిండడం వల్ల చాలా వరకు ఊడిపోతుంది. మెషిన్‌లో ఆ నీళ్ళు బట్టల లోంచే వడకట్టుకుని బయటికి పోతాయి. తువ్వాలే జల్లెడ అవుతుంది.

రాజు గారికి ఒక మాట. నీళ్ళు కాస్తే హార్డ్‌నెస్ పోతుందన్నది సగం నిజం. బైకార్బొనేట్ రూపంలో ఉన్న భాగమే కాచినప్పుడు సున్నంగా దిగుతుంది. క్లోరైడు, సల్ఫేటుగా ఉన్నది ఎంత కాచినా పోదు. ఆ దిగిన సున్నం కూడా మీ గీజర్ రాడ్డు మీదే కూర్చుంటుంది. పైగా గీజర్‌లో నీళ్ళు మరగవు, వేడెక్కుతాయి అంతే. ఒకసారి గీజర్ విప్పించి చూడండి.

పచ్చదనం_రాజు

గీజర్ రాడ్డు రెండేళ్ళలో రెండుసార్లు మార్చిన మాట నిజమే బాబాయ్. కారణం ఇదని అనుకోలేదు. కానీ డిటర్జెంట్ మురుగు చెరువుల్లోకి పోతుంది, ఆ విషయంలో నా అభిప్రాయం మారదు.

స్లరీ_బాబాయ్

మార్చుకోమని అనను రాజు గారూ. మురుగునీటి శుద్ధి లేని చోట మీ ఆందోళన సరైనదే. ఒక్కటి మాత్రం ఆలోచించండి. సబ్బు పని చేయడం లేదని రెట్టింపు వేస్తే, ఆ కొవ్వంతా కూడా అదే చెరువులోకి పోతుంది.

నిజాంపేట_నరేశ్

మా ఇంట్లో టీడీఎస్ మీటర్ ఉంది. బోరు నీళ్ళు 900 చూపిస్తోంది. అంటే మా హార్డ్‌నెస్ 900 అన్నమాట. 480కే ఇంత అయితే మా మెషిన్ పరిస్థితి ఏంటి? టెన్షన్‌గా ఉంది.

స్లరీ_బాబాయ్

కంగారు పడకండి నరేశ్ గారూ. టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగిన అన్ని ఉప్పులూ. అందులో సోడియం కూడా ఉంటుంది, అది సబ్బుని విరగ్గొట్టదు. మీ 900లో హార్డ్‌నెస్ 300 ఉండొచ్చు, 600 ఉండొచ్చు. మీటర్ చెప్పలేదు. వాటర్ సాఫ్ట్‌నర్ పెట్టిన ఇంట్లో హార్డ్‌నెస్ దాదాపు సున్నాకి వచ్చినా టీడీఎస్ మీటర్ అంకె పెద్దగా తగ్గదు. చాలామంది అక్కడే పొరబడి సాఫ్ట్‌నర్ పనిచేయడం లేదని గొడవ పడతారు.

ఇంట్లోనే చూసుకోవాలంటే ఒక పని చేయండి. గోరంత అసలు సబ్బు ముక్కను కాసిన్ని ఆర్వో నీళ్ళలో కరిగించండి. రెండు సీసాలు తీసుకుని ఒకదాంట్లో వాన నీళ్ళు, రెండోదాంట్లో మీ బోరు నీళ్ళు సగం దాకా పోసి, రెండిటిలో ఒకే కొలత సబ్బు నీళ్ళు వేసి ఊపండి. వాన నీళ్ళలో నురగ పైదాకా వచ్చి నిలబడుతుంది. బోరు నీళ్ళు నురగ లేకుండా పాలు విరిగినట్టు తెల్లబడతాయి. సబ్బు నీళ్ళు కొంచెం కొంచెం పెంచుతూ పోతే ఎక్కడో ఒక చోట నురగ నిలుస్తుంది. అక్కడికి ఎంత పట్టిందో అదే మీ నీళ్ళు మింగే సబ్బు.

మార్కాపురం_మల్లిక

మా ఊరి నీళ్ళ సంగతి చెప్పాలా! నేను అయితే ఆర్వో నుంచి వచ్చే వేస్ట్ నీళ్ళు డ్రమ్ములో పట్టి మెషిన్‌లో పోస్తాను. మాది సెమీ ఆటోమేటిక్. నీళ్ళు వృథా కావు, ఫిల్టర్ అయిన నీళ్ళు కాబట్టి బట్టలకీ మంచిది. గోదారి పిల్లా, నువ్వూ అలా చేయమ్మా.

స్లరీ_బాబాయ్

మల్లిక గారూ, నీళ్ళు వృథా చేయకూడదన్న మీ ఆలోచనకి దండం. కానీ ఆ నీళ్ళు బట్టలకి వద్దండీ. ఆర్వో మంచినీళ్ళను ఒకవైపు తీసి, ఉప్పులన్నీ రెండో వైపుకి తోస్తుంది. మూడు లీటర్లు లోపలికి పోతే ఒక లీటరు మంచినీళ్ళు, రెండు లీటర్లు వేస్ట్ వస్తాయనుకుంటే, 480 ఉన్న నీళ్ళు ఆ వేస్ట్‌లో 700 దాకా చేరతాయి. సబ్బుకి మరీ శత్రువు. నేల తుడవడానికి, బాత్‌రూము కడగడానికి వాడండి.

మార్కాపురం_మల్లిక

అయ్యో! మూడేళ్ళుగా అదే చేస్తున్నా. మా ఆయన ధోవతులు పసుపుపచ్చగా, బిరుసుగా అవుతుంటే ఎండ తక్కువని అనుకున్నాను.

టబ్బు_మెకానిక్

నేను మెషిన్ రిపేర్లు చేస్తాను, కూకట్‌పల్లి ఏరియా. చదువు తక్కువ, చూసింది చెప్తా.

సబ్బు తురిమి వేసే ఇళ్ళలో మెషిన్ విప్పితే లోపలి డ్రమ్ముకి, బయటి టబ్బుకి మధ్య బూడిద రంగు గ్రీజులా పట్టి ఉంటుంది. దాని మీద నల్లగా బూజు. అదే వాసన. నీళ్ళ లెవల్ చూసే సెన్సర్‌కి ఒక సన్న పైపు ఉంటుంది, అందులోకి ఈ ముద్ద వెళ్తే మెషిన్‌కి నీళ్ళు ఎంత ఉన్నాయో తెలీదు. ఒక్కోసారి నీళ్ళు తీసుకుంటూనే ఉంటుంది, ఒక్కోసారి అసలు తీసుకోదు. కస్టమర్ బోర్డు పోయిందనుకుంటాడు. పైపు ఊదితే సరిపోతుంది.

ఇంకో రకం ఇళ్ళు ఉన్నాయి. చేత్తో ఉతికే పౌడర్ ఫ్రంట్ లోడ్‌లో వేస్తారు. దానికి నురగ ఎక్కువ. ఫ్రంట్ లోడ్‌లో బట్టలు పైకెళ్ళి కింద పడాలి, ఆ దెబ్బకే మురికి పోతుంది. నురగ నిండితే పరుపు మీద పడ్డట్టు మెత్తగా పడతాయి. మురికి పోదు. స్పిన్‌లో నురగ చూసి మెషిన్ ఆగి మళ్ళీ నీళ్ళు పడుతుంది, గంట పని రెండు గంటలు. ఫ్రంట్ లోడ్‌కి ఫ్రంట్ లోడ్ అని రాసిందే వాడాలి.

ఒక ముఖ్యమైన మాట అక్కా. మీరు తురిమేది నిజంగా సబ్బేనా? చాలామంది నీలం, పచ్చ రంగు డిటర్జెంట్ బిళ్ళలు తురిమి వేసి సబ్బు అంటారు. ఆ ఇళ్ళలో డ్రెయిన్ ఫిల్టర్ విప్పితే సన్న ఇసుకలాంటి బురద వస్తుంది.

స్లరీ_బాబాయ్

తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ఆ బిళ్ళలు నేను పోసినవాణ్ణి. డిటర్జెంట్‌కి మూల సరుకైన యాసిడ్ స్లరీని సోడాతో కలిపి, గట్టిపడటానికి, బరువుకి క్యాల్సైట్ పొడి, డోలమైట్, చైనా క్లే కలుపుతాం. అంటే రాతి పొడి. బండ మీద రుద్దడానికి అది పనికొస్తుంది, కాలర్ మీద కాస్త రాపిడి ఇస్తుంది, బిళ్ళ నీళ్ళలో నానిపోకుండా నిలబెడుతుంది. మెషిన్‌లో వేస్తే ఆ రాయి కరగదు, మడతల్లో కూర్చుంటుంది. కాబట్టి సబ్బు బారైనా, డిటర్జెంట్ బిళ్ళైనా మెషిన్‌కి వద్దు, కారణాలు మాత్రం వేరు. ఏది ఏదో తెలియకపోతే రేపర్ చూడండి. టి.ఎఫ్.ఎం. అంకె ఉంటే అది సబ్బు.

మా చిన్నప్పుడు కిరాణా కొట్లో 501 బారు పొడుగ్గా ఉండేది, దారంతో ముక్కలు కోసి ఇచ్చేవాళ్ళు. అప్పుడు బట్టల సబ్బంటే అదే. బిళ్ళలు వచ్చాక రెండిటినీ సబ్బనే పిలవడం అలవాటైంది. ఈ గందరగోళం అంతా అక్కడే మొదలైంది.

గోదారి_పిల్ల

రేపర్ చూశాను బాబాయ్ గారూ, టి.ఎఫ్.ఎం. 60 అనే ఉంది. మీరు ఊహించిందే. అంటే నిజంగా సబ్బే. మరి డిటర్జెంట్‌కి ఈ బోరు నీళ్ళు పట్టవా? దానికి మారితే ఏ ఇబ్బందీ ఉండదా?

స్లరీ_బాబాయ్

పట్టవు అని చెప్తే అబద్ధమవుతుంది. చాలా తక్కువ పడతాయి. స్లరీ నుంచి వచ్చే డిటర్జెంట్‌కి కాల్షియం తగిలితే సబ్బులా వెంటనే విరిగి ముద్ద కాదు. కానీ హార్డ్‌నెస్ బాగా ఎక్కువైతే దాని బలమూ తగ్గుతుంది. అందుకే పౌడర్లలో కాల్షియాన్ని ముందే పట్టుకునే సరుకు కలుపుతారు. ఖరీదైన వాటిలో జియోలైట్ లాంటివి, చవక వాటిలో ఎక్కువగా వాషింగ్ సోడా.

ఆ చవక దారిలో ఒక చిక్కుంది. సోడా కాల్షియాన్ని పట్టుకుని సున్నపు పొడిగా కిందకి దింపుతుంది. మీ 15 లీటర్ల నీళ్ళకి 8 గ్రాముల సోడా చాలు. దానివల్ల 7 గ్రాముల సున్నం డ్రమ్ములోనే తయారవుతుంది. కొంత బట్టకి అంటుకుంటుంది. డిటర్జెంట్ వాడినా బట్టలు బిరుసెక్కుతున్నాయి అనే వాళ్ళ సమస్య ఇదే. సబ్బు తెట్టు మైనంలా ఉంటుంది, ఈ సున్నం గరుగ్గా, నల్లచొక్కా మీద తెల్ల పొడిలా ఉంటుంది.

పొదుపని పౌడర్ తగ్గించి వేసేవాళ్ళకి ఇంకా నష్టం. సగం వేస్తే, ఉన్నదంతా నీళ్ళతో పోరాడటానికే సరిపోతుంది. ప్యాకెట్ మీద హార్డ్ వాటర్‌కి వేరే కొలత ఉంటే అదే వేయాలి. ఈ విషయంలో ఫ్రంట్ లోడ్ మీకు మేలు చేస్తుంది. టాప్ లోడ్ ఒక్కసారి నిండటానికే 40, 50 లీటర్లు తీసుకుంటుంది, అంటే మూడింతల కాల్షియంతో పోరాడాలి.

ప్లేనో_సుధ

నేను టెక్సస్‌లో ఉంటాను. ఇక్కడ చాలామంది ఇంట్లోనే లాండ్రీ సోప్ చేసుకుంటారు. బారు సబ్బు తురుము, వాషింగ్ సోడా, బోరాక్స్ కలిపి డబ్బాలో పెట్టుకోవడం. నేనూ రెండేళ్ళు చేశాను. మొదటి ఆరు నెలలు బాగుందనిపించింది. తర్వాత తువ్వాళ్ళకి అచ్చం మీరు చెప్పినట్టే అయింది, నీళ్ళు జారిపోయేవి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ పోస్తే ఇంకా పాడైంది. దాని జిడ్డు కూడా పైన చేరింది. చివరికి తువ్వాళ్ళన్నీ మార్చేశాను. గోదారి పిల్ల గారూ, సాఫ్ట్‌నర్ మాత్రం పోయకండి.

గోదారి_పిల్ల

సుధ గారూ, నేను నిన్ననే ఒక సీసా కొన్నాను! పక్కన పెట్టేస్తాను.

బాబాయ్ గారూ, ఇప్పుడున్న తువ్వాళ్ళు బాగు చేయొచ్చా? ఉన్నది సబ్బు తెట్టో, సున్నమో ఎలా తెలుసుకోవాలి?

స్లరీ_బాబాయ్

రబ్బరులోని ముద్ద చెంచాడు తీసి చిన్న స్టీలు గిన్నెలో వేసి, కాసిన్ని వెనిగర్ పోసి, స్టవ్ మీద వేడి చేయండి, మరగక్కర్లేదు. బుడగలు చురచురా వస్తే అందులో సున్నం ఉంది. ముద్ద కరిగి పైన నూనె చుక్కల్లా తేలితే సబ్బు తెట్టు. చల్లారాక ఆ నూనె మైనపు పొరలా గడ్డకడుతుంది. ఆమ్లం కాల్షియాన్ని లాగేసుకుంటే సబ్బులోని కొవ్వు తిరిగి బయటపడుతుందన్నమాట.

ఇక్కడే చాలామంది పొరబడతారు. వెనిగర్‌లో నానబెడితే అయిపోయిందనుకుంటారు. కాల్షియం పోతుంది, కొవ్వు బట్టలోనే ఉంటుంది. దాన్ని మళ్ళీ బోరు నీళ్ళలో సోడాతో ఉతికితే కొవ్వు సబ్బయి, సబ్బు కాల్షియంతో కలిసి, మళ్ళీ తెట్టు. తిరిగి మొదటికే వస్తారు. కాబట్టి రెండో ఉతుకు మెత్తటి నీళ్ళతో చేయాలి. ఇప్పుడు వానలు పడుతున్నాయి కదా, డాబా మీద శుభ్రమైన బకెట్లు పెట్టి పట్టండి.

బకెట్ వేడి వాన నీళ్ళలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి తువ్వాళ్ళు అరగంట నానబెట్టి పిండండి. తర్వాత చెయ్యి పట్టేంత వేడి వాన నీళ్ళలో డిటర్జెంట్ పూర్తి కొలత వేసి గంట నానబెట్టి, కలియబెట్టి, పిండండి. జాడించడానికి కూడా మొదటిసారి వాన నీళ్ళే వాడండి. రంగు పోయే బట్టలకి ఇది చేయొద్దు. నిమ్మ ఉప్పు, వెనిగర్ ఉన్నచోట బ్లీచింగ్ నీళ్ళు పొరపాటున కూడా కలపకండి, విషవాయువు వస్తుంది.

టబ్బు_మెకానిక్

మెషిన్‌కి కూడా అంతే అక్కా. బట్టలు లేకుండా 100 గ్రాముల నిమ్మ ఉప్పు డ్రమ్ములో వేసి 60 డిగ్రీల్లో పెట్టండి. అది అయ్యాక మళ్ళీ ఖాళీగా డిటర్జెంట్‌తో 60 డిగ్రీల్లో ఇంకో వాష్. ముందు డ్రెయిన్ ఫిల్టర్ విప్పి కడగండి, లేకపోతే ఊడిన ముద్దలు పంపులో ఇరుక్కుంటాయి. నిమ్మ ఉప్పు నెలనెలా వేయొద్దు, రబ్బరుకి మంచిది కాదు.

నిజాంపేట_నరేశ్

మెషిన్ కొళాయికి తగిలించే చిన్న వాటర్ సాఫ్ట్‌నర్ అమ్ముతున్నారు కదా, పదిహేను వందలకి. అది పెడితే ఈ గొడవంతా ఉండదు కదా?

స్లరీ_బాబాయ్

అరచేతిలో పట్టే వాటిలో ఎక్కువగా ఉండేది పాలీఫాస్ఫేట్ గోళీలు. అవి హీటర్ మీద సున్నం గట్టిపడకుండా కొంత ఆపుతాయి. కాల్షియం నీళ్ళలోనే ఉంటుంది, సబ్బు వేస్తే విరుగుతూనే ఉంటుంది.

కాల్షియాన్ని నిజంగా తీసేది పెద్ద సాఫ్ట్‌నర్లలో ఉండే రెసిన్ అనే సన్న పూసలు. లీటరు రెసిన్ ఒకసారికి సుమారు 50 గ్రాముల హార్డ్‌నెస్ పట్టుకుంటుంది. ఈ అమ్మాయి మెషిన్ ఒక వాష్‌కి మొత్తం 60 లీటర్లు వాడితే అందులో హార్డ్‌నెస్ 29 గ్రాములు. అంటే లీటరు రెసిన్ రెండు వాష్‌లు కూడా పూర్తిగా రాదు, ఉప్పు నీళ్ళతో కడిగి మళ్ళీ సిద్ధం చేయాలి. బిల్డింగ్ మొత్తానికి పెద్ద ట్యాంకు పెడితే వేరే సంగతి.

పచ్చదనం_రాజు

ఆ రెసిన్ కడిగిన ఉప్పు నీళ్ళు ఎక్కడికి పోతాయి? మా అపార్ట్‌మెంట్‌లో దీని మీదే రెండు మీటింగులు అయ్యాయి. ఇంకుడు గుంతలోకి వదిలితే మళ్ళీ మన బోరులోకే కదా. మొక్కలకి పోస్తే చస్తాయి.

స్లరీ_బాబాయ్

అది నిజమైన సమస్యే రాజు గారూ. ఇంకుడు గుంతలోకి మాత్రం వదలకూడదు. డ్రైనేజీలోకి వదలడమే మామూలుగా చేస్తారు. అది సరైన జవాబని నేనూ అనలేను.

మార్కాపురం_మల్లిక

మా అమ్మమ్మ పట్టుచీరలన్నీ కుంకుడు రసంతోనే ఉతికేది, ఇవే నీళ్ళు. అవి ఎప్పుడూ బిరుసెక్కలేదు. పాప బట్టలకి అది వాడొచ్చు కదా?

స్లరీ_బాబాయ్

మీ అమ్మమ్మ గారు బాగా తెలిసి చేశారు. కుంకుడు నురగ సబ్బు జాతి కాదు, కాల్షియానికి విరగదు. పట్టుకి, ఉన్నికి చాలా మంచిది. నూనె మరకలు, పాల మరకలు మాత్రం అంత బాగా వదలవు. చేత్తో చేసుకోండి, మెషిన్‌లో వద్దు, పిప్పి ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. కళ్ళలో పడితే మంట అని మీకు చెప్పక్కర్లేదు.

గోదారి_పిల్ల

మూడు వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను.

ముందు గిన్నెలో పరీక్ష చేశాను. కొద్దిగా బుడగలు వచ్చాయి, తర్వాత పైన నూనె తేలింది. చల్లారాక గిన్నె అంచు చుట్టూ తెల్లటి మైనం రింగు. అత్తయ్యని పిలిచి చూపించాను. ఆవిడ వేలితో గీకి చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత “ఇదంతా పాప తువ్వాల్లో ఉందా?” అని అడిగారు.

డ్రెయిన్ ఫిల్టర్‌లో గుప్పెడు ముద్ద వచ్చింది. మెషిన్‌కి మెకానిక్ అన్న చెప్పినట్టు రెండు ఖాళీ వాష్‌లు వేశాను. మొదటిదాంట్లో తలుపు అద్దం లోంచి బూడిద రంగు తరకలు తిరగడం కనిపించింది. వాసన పోయింది.

తువ్వాళ్ళు ఎనిమిదింటికి వాన నీళ్ళ వైద్యం చేశాం. ఐదు బాగా మెత్తబడ్డాయి, ఇప్పుడు నీళ్ళు పీలుస్తున్నాయి. బాగా మందంగా ఉన్న మూడింటికి రెండోసారి చేస్తే గానీ తేడా రాలేదు. బనీన్లు కొంచెం తెల్లబడ్డాయి, పాత రంగు రాలేదు.

ఇప్పుడు మెషిన్‌లో ఫ్రంట్ లోడ్ లిక్విడ్, వాసన లేని రకం, హార్డ్ వాటర్ కొలతతో వేస్తున్నాను, ఒక రిన్స్ ఎక్కువ పెడుతున్నాను. కాలర్లు, పాప గౌన్ల మీద అన్నం మరకలు అత్తయ్య ముందుగా బారు సబ్బుతో రుద్ది, ఒక మగ్గు వాన నీళ్ళతో కడిగి ఇస్తున్నారు. తర్వాతే మెషిన్‌లోకి.

పాప దద్దుర్లు మాత్రం కొంచెం తగ్గాయి, పూర్తిగా పోలేదు. డాక్టర్ గారు బట్టల వల్ల కావచ్చు, కాకపోవచ్చు అన్నారు, క్రీమ్ రాశారు. వానలు తగ్గాక ఆ మగ్గు నీళ్ళు ఎక్కడివి అన్నది ఆలోచించాలి. బాబాయ్ గారూ, ఆర్వో మంచినీళ్ళు రోజుకి రెండు మగ్గులు పక్కన పెడితే సరిపోతుందా?

స్లరీ_బాబాయ్

మరకల వరకు అయితే సరిపోతుందమ్మా. రుద్దిన చోట సబ్బు పోయేదాకా కడిగితే చాలు, మొత్తం బట్ట తడపక్కర్లేదు. వేలితో తాకితే జారుడు ఉండకూడదు, అదే గుర్తు. ఆ బనీన్లకి వచ్చే వాన పడ్డప్పుడు ఇంకోసారి చేసి చూడండి. అత్తయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి.